ధర కదలలేదు, అయినా అమ్మినవాడికి నష్టం: థీటా ఒక్కటే చూస్తే చాలదు

ఆప్షన్లు అమ్మేవాళ్ల దగ్గర తరచూ వినిపించే మాట ఇది: "ఆప్షన్ అమ్మి కూర్చుంటే చాలు. ధర కదలనంతకాలం ప్రీమియం రోజుకింత అని సమానంగా కరిగి మన ఖాతాలో పడుతుంది. థీటా చూసుకుంటే సరిపోతుంది, వేగా కొనేవాళ్ల తలనొప్పి."

"ధర కదలనంతకాలం..."

లెక్క వేసి చూద్దాం. షేరు 100 దగ్గర ఉంది. 100 స్ట్రైక్ కాల్, పుట్ రెండూ అమ్మారు, అంటే షార్ట్ స్ట్రాడిల్. గడువు 30 రోజులు, ఇంప్లైడ్ వొలటిలిటీ (ఐవీ), అంటే షేరు ఎంత కదులుతుందని ప్రీమియం చెబుతోందో ఆ అంచనా, ఏడాదికి 20 శాతం, వడ్డీ సున్నా అనుకుందాం. బ్లాక్-షోల్స్ లెక్కలో చేతికొచ్చే ప్రీమియం 4.57. థీటా, అంటే కాలం గడిచినందుకే ప్రీమియంలో కరిగే మొత్తం, రోజుకు 0.076. వేగా, అంటే ఐవీ ఒక్క పాయింటు మారితే ప్రీమియంలో వచ్చే తేడా, 0.229.

ఐదు రోజులు గడిచాయి. షేరు సరిగ్గా 100 దగ్గరే ఉంది. ఐవీ 20లోనే ఉంటే స్ట్రాడిల్ ధర 4.18కి దిగేది, అమ్మినవాడికి 0.40 మిగిలేది. కానీ ఈలోపు ఫలితాల ప్రకటన తేదీ ఏదో బయటికొచ్చి ఐవీ 24కి ఎక్కింది. ఇప్పుడు స్ట్రాడిల్ 5.01. షేరు అంగుళం కదలకుండానే 0.44 నష్టం.

ఈ నష్టాన్ని విడదీసేటప్పుడు చాలామంది ఒకచోట తడబడతారు. మొదటి రోజు వేగా 0.229ని 4తో గుణిస్తే 0.92 వస్తుంది, అందులోంచి 0.40 తీసేస్తే 0.52. అసలు నష్టంతో ఇది కలవదు. గడువు దగ్గరపడేకొద్దీ వేగా కూడా తగ్గుతుంది కాబట్టి, 25 రోజులు మిగిలినప్పటి వేగా 0.209 తీసుకోవాలి. దాన్ని 4తో గుణిస్తే 0.84, అందులోంచి 0.40 పోతే 0.44. లెక్క సరిపోయింది.

ఎక్స్‌పైరీ దాకా పట్టుకుంటే ఐవీ ఎక్కడున్నా ఫర్వాలేదు కదా అంటారు. నిజమే, గడువు నాడు వేగా సున్నా. షేరు 100 దగ్గరే ముగిస్తే 4.57 మొత్తం అమ్మినవాడిదే. ఈలోపు మార్జిన్ మాత్రం రోజువారీ ధర మీదే లెక్కిస్తారు. అది చాలక మధ్యలో పొజిషన్ మూసేయాల్సి వస్తే నష్టం ఖరారైపోతుంది.

"వేగా కొనేవాళ్ల తలనొప్పి"

వేగా ఇద్దరికీ ఉంటుంది, గుర్తు మారుతుందంతే. ఎంత బరువో తెలుసుకోవడానికి తేలిక లెక్క ఒకటుంది. ఏటీఎం ఆప్షన్‌కి, అంటే స్ట్రైక్ షేరు ధర దగ్గరే ఉన్నదానికి, వడ్డీని పక్కనపెడితే, మిగిలిన రోజుల్ని రెండుతో గుణించి ఐవీతో భాగించండి. ఐవీ ఒక్క పాయింటు పెరిగితే ఎన్ని రోజుల థీటా పోతుందో వస్తుంది. పై స్ట్రాడిల్‌కి 60ని 20తో భాగిస్తే 3 రోజులు. 90 రోజుల గడువైతే 9 రోజులు. 7 రోజులదైతే ఒక రోజుకన్నా తక్కువ, 0.7. దూరపు గడువు అమ్మినవాడు పేరుకు థీటా అమ్మినా, అసలు పందెం కాసింది ఐవీ మీద.

అలాగని దగ్గరి గడువుకి పరిగెత్తితే వేగా పోయి గామా మీద పడుతుంది, అంటే షేరు కదిలేకొద్దీ అమ్మినవాడి నష్టం అంతకంతకూ వేగంగా పెరుగుతుంది. థీటా ఊరికే వచ్చే అద్దె కాదు. 20 శాతం ఐవీ అంటే రోజుకు సుమారు 1.05 శాతం కదలిక. పై స్ట్రాడిల్‌లో షేరు ఒక రోజులో అంత కదిలితే గామా నష్టం, ఆ రోజు థీటా చెల్లుకు చెల్లు. 2 శాతం కదిలితే నష్టం దాదాపు 0.28, వచ్చే థీటా 0.076.

"రోజుకింత అని సమానంగా..."

4.57ని 30తో భాగిస్తే రోజుకు 0.15. మొదటి రోజు థీటా అందులో సగమే. ఏటీఎం ప్రీమియం మిగిలిన కాలపు వర్గమూలాన్ని బట్టి తగ్గుతుంది: మొదటి 15 రోజుల్లో 1.34 పోతుంది, చివరి 15 రోజుల్లో 3.23. ఆఖరి రోజు మొదలయ్యేసరికి కూడా 0.84 మిగిలే ఉంటుంది.

"చివర్లోనే వేగంగా కరుగుతుంది" అన్న మాట కూడా అన్ని స్ట్రైక్‌లకూ పొసగదు. ఇదే షేరు మీద 110 కాల్ 30 రోజులప్పుడు 0.12 ఉంటే, 15 రోజులకే 0.01 దగ్గరికి వచ్చేస్తుంది. ఇలా షేరు ధరకు దూరంగా ఉన్న స్ట్రైక్, అంటే ఓటీఎం అమ్మి చివరి వారం థీటా కోసం ఆగేవాడికి అక్కడ మిగిలేది దాదాపు ఏమీ ఉండదు, షేరు ఒక్కసారి ఎగిరితే పడే దెబ్బ తప్ప.

స్క్రీన్ మీద అంకెలు చదివేముందు యూనిట్లు చూసుకోండి. కొన్ని చోట్ల థీటా రోజుకు కాక ఏడాదికి ఇస్తారు, వేగాను ఒక్క పాయింటుకు కాక 100 పాయింట్లకు ఇస్తారు, లాట్ సైజుతో గుణించి చూపేవీ ఉన్నాయి. ఏడాది థీటాను 365తోనా, ట్రేడింగ్ రోజులతోనా భాగించారన్నదీ చూడాలి. 252తో భాగిస్తే అదే థీటా దాదాపు ఒకటిన్నర రెట్లు కనిపిస్తుంది.