వీధి కింద 403 కడ్డీలు

మన ఊళ్లలో ఏ సీసీ రోడ్డయినా రెండుసార్లు పడుతుంది. మొదటిసారి ఎస్టిమేటులో, రెండోసారి వీధిలో. మొదటిది ఎప్పుడూ బాగా పడుతుంది. అంచులు తిన్నగా, మందం సమానంగా, ఒక్క పగులు లేకుండా ఉంటుంది. గిట్టనివాళ్లు రెండోదాన్ని మాత్రమే చూసి అపనిందలు వేస్తారు కాబట్టి, ఆ మొదటి రోడ్డు తరఫున వకాల్తా పుచ్చుకుని నాలుగు మాటలు రాయడం న్యాయం.

120 మీటర్ల వీధి అనుకోండి. వెడల్పు 3 మీటర్లు, మందం 150 మిల్లీమీటర్లు. ఒక చివర మెయిన్ రోడ్డు, రెండో చివర కల్వర్టు. లోపల ఇనుప జాలీ లేని సాదా కాంక్రీటు. 120ని 3తో, దాన్ని 0.15తో గుణిస్తే 54 ఘనపు మీటర్లు. కొలతల పుస్తకంలో ఈ లెక్క ఒక్క వరుస. అది తప్పని ఎవరూ అనలేరు, ఎందుకంటే అది గుణకారం.

వీధిలో కథ వేరు. ముందు గ్రావెల్ పరిచి రోలర్ తిప్పుతారు. నీళ్లు రెండు పక్కలా కాలువల్లోకి జారాలని మధ్యలో కాస్త ఎత్తు ఇస్తారు. నూటికి రెండు చొప్పున వాలు ఇస్తే, సగం వెడల్పు మీటరున్నర కాబట్టి నడిమధ్యన 30 మిల్లీమీటర్ల ఉబ్బు వస్తుంది. ఇది మంచి పనే. ఆ పైన రెండు అంచుల్లో 150 మిల్లీమీటర్ల ఎత్తు ఇనుప ఛానెళ్లు నిలబెట్టి కాంక్రీటు పోసి, ఈ ఛానెల్ మీది నుంచి ఆ ఛానెల్ మీదికి తిన్నని బద్ద పెట్టి లాగేస్తారు. కింద ఉబ్బు ఉంది, పైన చదును వచ్చింది. అంచున 150 ఉన్న మందం మధ్యకు వచ్చేసరికి 120 అయింది. సగటున 15 మిల్లీమీటర్లు తగ్గినట్టు. 120 × 3 × 0.015 అంటే 5.4 ఘనపు మీటర్లు. 1:1½:3 పాళ్లలో ఘనపు మీటరుకు సుమారు ఎనిమిది బస్తాల సిమెంటు పడుతుంది కాబట్టి, ఎవరూ దొంగతనం చేయకుండానే 43 బస్తాలు మిగిలాయి. కాంట్రాక్టరును అడిగితే ‘అంచు కొలుచుకోండి సార్’ అంటాడు. అంచు కొలిస్తే నిజంగానే 150. ఆయన మాటలో అబద్ధం లేదు.

మందం అయిదో వంతే తగ్గింది కదా, ఏం కొంపలు మునిగాయి అనేవాళ్లకు ఒక చిన్న మనవి. చక్రం కింద కాంక్రీటు పలక వంగేటప్పుడు పుట్టే ఒత్తిడి దాదాపుగా మందం వర్గానికి విలోమంగా ఉంటుంది. 150ని 120తో భాగించి వర్గం చేస్తే 1.56. ఇసుక ట్రాక్టరు అదే, దాని బరువూ అదే. పలకలో ఒత్తిడి మాత్రం ఒకటిన్నర రెట్లు దాటింది. పైగా పైభాగం చదునైంది కాబట్టి వాన నీళ్లు కాలువకు పోకుండా నడివీధిలోనే కొలువుంటాయి. బద్దకే ఆ రెండు వాలులూ ఉంటే, అంటే మధ్యలో 30 మిల్లీమీటర్లు పైకి వంచిన బద్ద వాడితే, ఇదంతా ఉండదు. లేదా కాంక్రీటు పోయక ముందు ఒక ఛానెల్ నుంచి ఇంకో ఛానెల్‌కు దారం లాగి, నడిమధ్యన టేపు దించాలి. పైన వాలు ఇస్తానంటే అక్కడ 120 చూపాలి, చదునుగా లాగేస్తానంటే 150 చూపాలి. అర నిమిషం పని. అందుకేనేమో ఎవరికీ తీరిక దొరకదు.

ఇక అసలు ఘనకార్యానికి వద్దాం. డోవెల్ బార్లు, అంటే ఒక పలక నుంచి పక్క పలకలోకి దూరి చక్రం బరువును దాటించే ఇనుప కడ్డీలు.

పలక ఎండకు వ్యాకోచిస్తుంది, రాత్రికి ముడుచుకుంటుంది, ఆరేటప్పుడు ఎలాగూ కుంచించుకుంటుంది. పగలడం ఖాయం, ఎక్కడ పగలాలో మనం చెప్పడానికే జాయింట్లు. ఇలాంటి చిన్న రోడ్లకు రెండున్నర నుంచి నాలుగు మీటర్లకొకటి చొప్పున కోయడం వాడుక. మన వీధికి 3.75 మీటర్లకొకటి పెడితే 32 పలకలు, వాటి మధ్య 31 జాయింట్లు. ఎస్టిమేటు ఈ 31 జాయింట్లకూ డోవెల్ బార్లు రాసింది. 25 మిల్లీమీటర్ల లావు, 450 పొడవు, 250కి ఒకటి. వెడల్పు 3000ను 250తో భాగిస్తే 12, కడ్డీల లెక్కలో చివర ఒకటి కలపాలని స్లాబ్ వేసేవాళ్లందరికీ తెలుసు కాబట్టి 13. పదమూడు ముప్పైఒకట్లు 403. ఒక్కో కడ్డీ 1.73 కిలోలు. మొత్తం దాదాపు 699 కిలోల ఇనుము.

ముందుగా ఆ పదమూడో కడ్డీకి నమస్కారం. 250 దూరంతో 13 కడ్డీలు సర్దితే మొదటిది సరిగ్గా రోడ్డు అంచు మీద, చివరిది అవతలి అంచు మీద పడతాయి. ఒక్కోదాని లావులో సగం కాంక్రీటులో, సగం గాలిలో ఉండాలి. షట్టరింగ్ ఛానెల్‌ను చీల్చుకుని ఉంటే ఇంకా బాగుంటుంది. అంచు నుంచి 125 వదిలి మొదలుపెడితే పన్నెండే పడతాయి, పన్నెండే చాలు. స్లాబ్ కడ్డీల లెక్క వేరు, డోవెల్ లెక్క వేరు అని ఎవరైనా అంటే, ‘ఒకటి కలపడం మన సంప్రదాయం’ అనే జవాబు సిద్ధంగా ఉంది.

రెండో సంగతి, ఆ 31లో ముప్పై జాయింట్లకు అసలు డోవెలే అక్కర్లేదు. కోత కింద పడే పగులు ఎగుడుదిగుడుగా ఉంటుంది. అటు కంకర పళ్లు, ఇటు కంకర పళ్లు ఒకదాన్నొకటి కరుచుకుని ట్రాక్టరు బరువును ఈ పలక నుంచి ఆ పలకకు దాటిస్తాయి. పలక పొట్టిగా ఉంటేనే ఈ కరుపు నిలుస్తుంది. 3.75 మీటర్ల పలక 30 డిగ్రీల తేడాకు ముడుచుకునే దూరం ఒక మిల్లీమీటరు పైచిలుకు, అంతే. కంకర లారీలు రోజంతా తిరిగే మందపాటి రోడ్లకు డోవెల్ తప్పదు, నిజమే. ట్రాక్టర్లు, ఆటోలు, అప్పుడప్పుడూ ఒక వరికోత మిషన్ నడిచే 150 మందం వీధిలో 25 లావు కడ్డీకి పైన, కింద మిగిలేది చెరో 62 మిల్లీమీటర్లు. కొంచెం వంకరగా కూర్చుంటే కడ్డీయే పలకను పగలగొడుతుంది.

మరి ఒక్క జాయింటుకైనా కావాలా అంటే, కావాలి. రోజుకు 60 మీటర్ల చొప్పున రెండు రోజుల పోత. మొదటి రోజు సాయంత్రం చెక్క అడ్డుపెట్టి ఆపిన చోట కాంక్రీటు ముఖం నున్నగా ఉంటుంది. అక్కడ కంకర పళ్లు లేవు, కరుచుకోవడం లేదు. బరువు దాటించేది డోవెలే. కనుక ఈ వీధికి కావలసిన కడ్డీలు అక్షరాలా పన్నెండు, బరువు ఇరవై ఒక్క కిలోలు. మిగిలిన 678 కిలోలు కాగితం మీద భూగర్భంలో భద్రంగా ఉన్నాయి.

పన్నెండే కదా అని తేలిగ్గా తీసుకుంటే వాటికి కోపం వస్తుంది. అవి నున్నటి గుండ్రటి కడ్డీలు కావాలి. ఆపే చెక్కకు సరిగ్గా సగం లోతున, 75 దగ్గర, పన్నెండు బెజ్జాలు కొట్టి కడ్డీలు దూర్చాలి. సగం నేటి కాంక్రీటులో అతుక్కోవాలి. రేపటి కాంక్రీటులోకి వెళ్లే సగానికి గ్రీజు రాసి ప్లాస్టిక్ తొడుగు వేయాలి, అది అక్కడ జారాలి కాబట్టి. కడ్డీలన్నీ రోడ్డు వెంబడి తిన్నగా, ఒకే మట్టంలో ఉన్నాయో లేదో పోతకు ముందు మట్టపలకతో చూడాలి. దీనికి మన వీధుల్లో దొరికే ప్రత్యామ్నాయం, పక్కింటి స్లాబ్‌లో మిగిలిన గరుకు టీఎంటీ ముక్కలను పచ్చి కాంక్రీటులోకి చేత్తో గుచ్చడం. ఆ గరుకు గీతలు రెండు పలకలనూ కదలకుండా పట్టేస్తాయి. జాయింటు తెరుచుకోలేక, కడ్డీ కొస దగ్గర, అంటే జాయింటుకు జానెడు దూరంలో దానికి సమాంతరంగా కొత్త పగులు వస్తుంది. అలాంటి పగులు కనబడితే లోపలేముందో తవ్వకుండానే చెప్పొచ్చు.

ఈ ఆపే చోటు కూడా మన ఇష్టం కాదు. 60 మీటర్లంటే పదహారో జాయింటు, లెక్కకు కుదిరింది. మిక్సర్ 52 మీటర్ల దగ్గర మొరాయిస్తే అక్కడే అడ్డు పెట్టడం కుదరదు, 48.75 దగ్గరికి వెనక్కి రావాలి, లేదా చేత్తో కలిపి 52.5కు చేరాలి. ఎక్కడపడితే అక్కడ ఆపి, ఆ తర్వాత అర మీటరు అవతల యథావిధిగా కోత కోసిన వీధులున్నాయి. ఆ బుల్లి పలకలు ఏడాది తిరగకుండా ముక్కలవుతాయి.

జాయింట్లలో నీళ్లు, మట్టి పోకుండా నింపే సీలెంట్ పొడవు దగ్గర ఎస్టిమేటుకు ఉదారత పొంగుతుంది. 31 జాయింట్లు, ఒక్కోటి 3 మీటర్లు, 93. మెయిన్ రోడ్డు దగ్గర, కల్వర్టు దగ్గర 20 మిల్లీమీటర్ల ఫిల్లర్ బోర్డు పెట్టిన రెండు జాయింట్లకు మరో 6. మొత్తం 99 మీటర్లు. మూడు మీటర్ల వెడల్పుకు నడిమధ్యన నిలువు జాయింటు అక్కర్లేదు. కానీ రోడ్డుకు రెండు అంచులున్నాయని గుర్తొచ్చి 240 కలిపితే 339 అవుతుంది. కాలువ గోడకు, పలకకు మధ్య అంటుకోకుండా తారు అట్ట పెట్టాలన్న మాట నిజమే. దానికి సీలెంట్ రేటు రాయడమే కళ.

వీధిలో మాత్రం కోత పడేది బిల్లుకు ఫొటో కావలసిన వారం. కాంక్రీటు అన్నాళ్లు ఆగదు. ఎండాకాలంలో పోసిన ఆరు నుంచి పన్నెండు గంటల లోపు, ఆ రాత్రే కోయాలి. కోత అంచున కంకర ఊడి వస్తుంటే ఇంకా పచ్చి, కాసేపు ఆగాలి. లోతు మందంలో నాలుగో వంతు నుంచి మూడో వంతు, అంటే 40 నుంచి 50. ఆలస్యంగా పది మిల్లీమీటర్ల గీత గీస్తే పగులు దాన్ని లెక్కచేయక, పక్కనే తన దారిన వంకరటింకరగా పోతుంది.

సన్న కోతను అలాగే నింపేయడం ఇంకో ముచ్చట. ఒక మిల్లీమీటరు పైచిలుకు కదలిక 3 మిల్లీమీటర్ల గాడిలో మూడో వంతు దాటిన సాగుడు, సీలెంట్ తెగుతుంది. అందుకే పైభాగాన్ని 8కి వెడల్పు చేసి, దుమ్ము ఊది, అడుగున స్పాంజి తాడు పెట్టి, దాని మీద 10 మందంగా నింపాలి. తాడు ఉంటేనే సీలెంట్ రెండు గోడలకు మాత్రమే అంటుతుంది. అడుగుకూ అంటితే సాగలేక చిరుగుతుంది. చివరి రెండు జాయింట్లలో 20 × 20 లెక్కన చూసుకున్నా మొత్తం పదిలీటర్లు, వృథాతో కలిపి పదకొండు. పనయ్యాక ఖాళీ డబ్బాలు లెక్కపెట్టడం కంటే మంచి తనిఖీ లేదు. మామూలుగా దొరికేది ఒక తారు డబ్బా, దానిలో ఒక పుల్ల.

ఇదంతా పూర్తయ్యాక నల్లా పైపులవాళ్లు వస్తారు. పలక మధ్యలో అడ్డంగా 0.6 మీటర్ల వెడల్పున గొయ్యి తీస్తారు. ఆ వీధి మందం బయటపడే రోజు అదొక్కటే. టేపు పట్టుకుని వెళ్లదలిచినవాళ్లు వాళ్లు పూడ్చకముందే వెళ్లాలి. అంచున కాదు, నడిమధ్యన కొలవాలి. పలక కింద ప్లాస్టిక్ షీటు ఉందో లేదో కూడా అక్కడే తెలుస్తుంది. పద్ధతి ప్రకారమైతే జాయింటు నుంచి జాయింటు దాకా పలక మొత్తం తీసి మళ్లీ పోయాలి, 1.69 ఘనపు మీటర్లు. గొయ్యి మేరకు పూడిస్తే 0.27. పూడ్చడం 0.27 పద్ధతిలోనూ, బిల్లు రాయడం 1.69 పద్ధతిలోనూ జరుగుతుంది.