నిష్పత్తి చెప్పేది ఎంతో, చెప్పనిది ఎప్పుడో

గుంటూరులో ఒక మిర్చి వ్యాపారి మార్చి 31 నాటి లెక్క ఇలా ఉందనుకుందాం. ఇది వివరణ కోసం నేను వేసిన లెక్క. కోల్డ్ స్టోరేజీలో పెట్టిన సరుకు విలువ 130 లక్షలు, ఎగుమతిదారుల నుంచి రావలసిన బాకీలు 60 లక్షలు, చేతిలోనూ బ్యాంకులోనూ ఉన్న సొమ్ము 5 లక్షలు, ముందుగా కట్టిన బీమా, అద్దెల వంటివి మరో 5 లక్షలు. ఏడాదిలోపు డబ్బుగా మారతాయని లేదా వాడకంలో తీరిపోతాయని లెక్కలోకి తీసుకునే ఈ కరెంట్ ఆస్తులు మొత్తం 200 లక్షలు. మరోవైపు సరుకును, బాకీలను చూపి అవసరమైనప్పుడు తీసుకుంటూ కడుతూ ఉండే బ్యాంకు క్యాష్ క్రెడిట్ ఖాతాలో వాడుకున్నది 85 లక్షలు, సరుకు కొన్నందుకు ఇంకా చెల్లించాల్సింది 40 లక్షలు, పన్నులు, స్టోరేజీ చార్జీలు కలిపి 15 లక్షలు, గోడౌను కోసం తీసుకున్న టర్మ్ లోనులో వచ్చే ఏడాదిలో కట్టాల్సిన వాయిదాలు 10 లక్షలు. అంటే కరెంట్ అప్పులు 150 లక్షలు. 200ను 150తో భాగిస్తే వచ్చే 1.33 ఆయన కరెంట్ రేషియో.

పాఠ్యపుస్తకాలు ఈ రేషియో 2 ఉంటే మంచిదంటాయి. మన బ్యాంకులు మాత్రం చాలాకాలంగా 1.33ను గీటురాయిగా పెట్టుకున్నాయి. 1975లో రిజర్వు బ్యాంకు వేసిన టాండన్ కమిటీ సూచించిన రెండో పద్ధతి ప్రకారం, కరెంట్ ఆస్తుల్లో నాలుగో వంతును వ్యాపారి తన మూలధనం నుంచో దీర్ఘకాలిక రుణం నుంచో సమకూర్చుకోవాలి. అలా చేస్తే 100 రూపాయల ఆస్తుల మీద కరెంట్ అప్పులు 75కు మించవు. 100ను 75తో భాగిస్తే వచ్చేది 1.33. అంటే ఇందులో మహత్తేమీ లేదు, అప్పిచ్చేవాడు తన సౌకర్యానికి అట్టిపెట్టుకున్న జాగ్రత్త మాత్రమే. మన వ్యాపారి సరిగ్గా ఆ గీత మీద నిలబడ్డాడు కాబట్టి కాగితం మీద ఆయనకు వంక పెట్టడానికి లేదు.

ఇప్పుడు క్విక్ రేషియో చూద్దాం. ఇందులో అమ్మితే తప్ప డబ్బు కాని సరుకును, తిరిగి చేతికి రాని ముందస్తు చెల్లింపులను పక్కన పెడతారు. మిగిలింది బాకీలు, సొమ్ము కలిపి 65 లక్షలు. దాన్ని 150తో భాగిస్తే 0.43. సరుకు కదలకపోతే రూపాయి అప్పుకు ఎదురుగా ఉన్నది 43 పైసలే అని దీని అర్థం. ఇది చూసి వ్యాపారం మునిగిపోతోందని అనుకోనక్కర్లేదు. మార్చి అంటే పంట యార్డుకు వస్తున్న కాలం, ఏడాదంతా అమ్మాల్సిన సరుకు అప్పుడే పోగుపడుతుంది. అదే వ్యాపారి లెక్కను సరుకు చాలావరకు అమ్ముడయ్యాక డిసెంబరులో వేస్తే క్విక్ రేషియో వేరుగా కనబడుతుంది. పైగా క్యాష్ క్రెడిట్ కరెంట్ అప్పు అనిపించుకున్నా, బ్యాంకు ఏటా దాన్ని పొడిగిస్తూనే ఉంటుంది కాబట్టి ఆ 85 లక్షలూ ఒక్కరోజున కట్టమని మామూలుగా ఎవరూ అడగరు.

అయితే అడిగే సందర్భం ఒకటుంది, క్విక్ రేషియో అసలు విలువ తెలిసేది అక్కడే. బ్యాంకు నెలనెలా స్టాకు స్టేట్‌మెంటు తీసుకుని డ్రాయింగ్ పవర్, అంటే ఆ నెల ఎంతవరకు వాడుకోవచ్చో, లెక్క కడుతుంది. 130 లక్షల సరుకులోంచి ఇంకా డబ్బు చెల్లించని 40 లక్షలు తీసేస్తే 90 లక్షలు, అందులో బ్యాంకు అప్పివ్వకుండా వదిలేసే 25 శాతం మార్జిన్ పోతే 67.5 లక్షలు. బాకీల్లో 90 రోజులు దాటినవాటిని సాధారణంగా లెక్కలోకి తీసుకోరు. మన వ్యాపారికి ఆ గడువులోపు ఉన్నవి 40 లక్షలే అనుకుని, వాటి మీద 40 శాతం మార్జిన్ పట్టుకుంటే 24 లక్షలు. మొత్తం 91.5 లక్షలు. వాడుకున్నది 85 కాబట్టి ఇబ్బంది లేదు.

ఇప్పుడు మిర్చి ధర 20 శాతం పడిపోయిందనుకోండి. సరుకు విలువ 104 లక్షలకు దిగుతుంది. అందులో 40 తీసేసి, మార్జిన్ పోగా 48 లక్షలు. బాకీల మీది 24 కలిపితే డ్రాయింగ్ పవర్ 72 లక్షలు. వాడుకున్నది 85 లక్షలు కాబట్టి తేడా 13 లక్షలు కట్టి ఖాతా సర్దుకోమని బ్యాంకు నుంచి కబురు వస్తుంది. ఆయన దగ్గరున్న నగదు 5 లక్షలు. కరెంట్ రేషియో అప్పటికీ 1.16, ఒకటికి పైనే ఉంది. ఆస్తులు అప్పుల కంటే ఎక్కువే, కానీ ఈ నెలలో 8 లక్షలు ఎక్కడి నుంచి తేవాలో తెలియదు. పడిన ధరకే టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, తెగనమ్ముకోవాలి, లేదా చేబదులు వెతుక్కోవాలి. ఇంత జరిగినా క్విక్ రేషియో 0.43 దగ్గరే ఉంది, ఎందుకంటే అది మొదటి నుంచీ సరుకును నమ్మలేదు. ధర పడితే ఈ మనిషి దేని మీద నిలబడతాడన్న ప్రశ్నకు జవాబు మార్చి లెక్కలోనే ఉంది.

అలాగని క్విక్ రేషియోను గుడ్డిగా నమ్మినా చిక్కే. అది సరుకును అనుమానించినంతగా బాకీలను అనుమానించదు. ప్రభుత్వ పనులు చేసే ఒక కాంట్రాక్టరును తీసుకుంటే, ఆయన దగ్గర సిమెంటు, ఇనుము నిల్వలు పెద్దగా ఉండవు, ఆస్తి అంతా సమర్పించిన బిల్లుల్లోనే ఉంటుంది. క్విక్ రేషియో 1.2 అని చక్కగా కనబడుతుంది. ఆ బిల్లులు నెలల తరబడి పెండింగులో ఉంటే కూలీలకు శనివారం ఇవ్వాల్సిన డబ్బు ఆ 1.2లోంచి రాదు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ బిల్లుల కోసం ఎదురుచూసిన కాంట్రాక్టర్లకు ఇది ఒకరు చెప్పాల్సిన విషయం కాదు. నా దృష్టిలో కోల్డ్ స్టోరేజీలోని తేజ రకం మిర్చే ఆ బిల్లుల కంటే త్వరగా డబ్బవుతుంది. నష్టానికైనా సరే, దాన్ని కొనేవాడు రేపు ఉదయం యార్డులో దొరుకుతాడు.

ఇక మార్చి 31 విద్య గురించి కూడా చెప్పుకోవాలి. మన మిర్చి వ్యాపారి ఆఖరి వారంలో 40 లక్షల బాకీ వసూలు చేసి, ఆ మొత్తాన్ని క్యాష్ క్రెడిట్ ఖాతాలో కట్టేశాడనుకుందాం. ఆస్తులు 160, అప్పులు 110, కరెంట్ రేషియో 1.45. వ్యాపారం అణువంత మారలేదు, ఏప్రిల్ మొదటి వారంలో అదే డబ్బు మళ్లీ తీసుకుంటాడు. రేషియో ఒకటికి పైన ఉన్నంతవరకు రెండు వైపుల నుంచి ఒకే మొత్తం తీసేస్తే అది పెరుగుతుంది, ఒకటికి కింద ఉంటే అదే పని చేసినా తగ్గుతుంది. తమాషా ఏమిటంటే ఈ పని వల్ల క్విక్ రేషియో 0.43 నుంచి 0.23కు పడిపోతుంది. అందుకే కరెంట్ రేషియో పైకి, క్విక్ రేషియో కిందికి ఒకేసారి కదిలిన చోట ఏప్రిల్ నెల బ్యాంకు స్టేట్‌మెంటు అడిగి చూడటం మంచిది.

కంపెనీల విషయంలో చదువరికి కొంత సాయం దొరుకుతుంది. కంపెనీల చట్టం మూడో షెడ్యూలుకు 2021లో చేసిన సవరణ ప్రకారం కరెంట్ రేషియోను ఖాతాల వెంట ఇచ్చే నోట్సులో చూపాలి, అంతకుముందు ఏడాదితో పోలిస్తే 25 శాతానికి మించి మారితే కారణం రాయాలి. క్విక్ రేషియో ఆ జాబితాలో లేదు, మనమే లెక్క కట్టుకోవాలి. అంతకంటే ఉపయోగపడేది అదే సవరణతో వచ్చిన బాకీల వయసు పట్టిక. ఆరు నెలల లోపువి ఎన్ని, ఏడాది లోపువి ఎన్ని, మూడేళ్లు దాటినవి ఎన్ని అని అందులో విడివిడిగా ఉంటుంది. క్విక్ రేషియోను లెక్క కట్టేటప్పుడు ఆరు నెలలు దాటిన బాకీలను నేను కొట్టేసి చూస్తాను. మన మిర్చి వ్యాపారి 60 లక్షల బాకీల్లో అలాంటివి 20 లక్షలు ఉంటే, మిగిలిన 45ను 150తో భాగించాలి, వచ్చేది 0.30.