జలపాతం మాకూ కనిపిస్తోంది, అది తప్ప ఇంకేమైనా చెప్పండి

వానలు తగ్గుముఖం పట్టగానే అరకు దాటి ఒడిశాలోని మా కొరాపుట్ వైపు తెలుగు వీడియోలవాళ్ళ కెమెరాలు రావడం మొదలవుతుంది. డ్రోన్లు బాగున్నాయి, రంగులు బాగున్నాయి, ఎడిటింగ్‌లో కూడా చెయ్యి తిరిగింది. చెడగొడుతున్నది వెనక నుంచి వ్యాఖ్యానం చెప్పే గొంతు. డుడుమ జలపాతం తెరమీద నిండుగా దూకుతుంటే వెనక నుంచి ‘పచ్చని కొండల నడుమ పాలనురుగులా జాలువారుతున్న అందమైన జలపాతం’ అంటారు. పచ్చదనం మాకు కనిపిస్తోంది, నురుగూ కనిపిస్తోంది. అందంగా ఉందో లేదో మేమే తేల్చుకుంటాం.

వాయిస్ ఓవర్ పని బొమ్మకు చేతకానివి చెప్పడం. బొమ్మకు వాసన లేదు, చలి లేదు, నెల లేదు, ఫ్రేము అంచు దాటాక ఏముందో తెలీదు. డుడుమ దగ్గర అసలు సంగతంతా ఫ్రేము బయటే ఉంది. ఎగువన జోలాపుట్ దగ్గర మాచ్‌ఖండ్ నదికి అడ్డంగా పెద్ద ఆనకట్ట ఉంది. దాని కింద ఇంకోచోట నీళ్ళు మళ్ళించి, గొట్టాల్లోంచి లోయ అడుగున ఉన్న పవర్‌హౌస్‌కి దింపుతారు. జలపాతం మీదుగా దూకేది అలా మళ్ళించగా మిగిలిన నీరు. అందుకే వానాకాలంలో పొంగి పొర్లినప్పుడు కొండంత ఉండే ధార ఎండల్లో తాడులా సన్నబడుతుంది. మార్చిలో వెళ్ళినవాళ్ళు ‘ఇంతేనా’ అని తిట్టుకోవడానికి కారణం ఇదే. ఐదువందల అడుగుల పైనుంచి పడే నీళ్ళు ఎందుకు పలచబడ్డాయో ఏ డ్రోనూ చూపలేదు. గొంతు ఒక్క వాక్యంలో చెప్పగలదు.

నలభై సెకన్ల ముక్క ఒకటి తీసుకుందాం. డ్రోన్ షాట్ పన్నెండు సెకన్లు, దగ్గరి నుంచి రాళ్ళూ ధారా ఎనిమిది, సెల్ఫీలు తీసుకునేవాళ్ళు ఆరు, లోయలోకి వెళ్ళిపోయే నది పద్నాలుగు. నెమ్మదిగా, తెలిసేలా చదివితే తెలుగులో పది సెకన్లకు పద్నాలుగు పదిహేను మాటలకు మించి పట్టవు. మన మాటలు పొడుగు మరి. అంటే నలభై సెకన్లకు అరవై మాటలు. అందులో సగమే వాడాలి, మిగతాది నీళ్ళకు వదిలేయాలి.

మొదటి నాలుగు సెకన్లు గొంతు ఉండకూడదు. చూసేవాణ్ణి కళ్ళతో జలపాతాన్ని ఒకసారి కొలుచుకోనివ్వండి. తర్వాత ఇలా అనొచ్చు: ‘ఇది సెప్టెంబరు. వేసవిలో ఈ నీళ్ళలో చాలామటుకు గొట్టాల్లోంచి పవర్‌హౌస్‌కి పోతాయి.’ మళ్ళీ నిశ్శబ్దం. దగ్గరి షాట్ మీద: ‘ఇక్కడ నిలబడితే పక్కవాడి మాట వినపడదు. పది నిమిషాల్లో చొక్కా తడుస్తుంది, వాన లేకుండానే.’ సెల్ఫీల మీద ఏమీ వద్దు, ఎందుకు తీసుకుంటున్నారో అందరికీ తెలుసు. నది మీద: ‘కిందికి వెళ్ళాక దీన్ని సీలేరు అంటారు. శబరిలో కలిసి, ఆ శబరితో గోదావరికి చేరుతుంది.’ మొత్తం ముప్ఫై చిల్లర మాటలు. ఇందులో ఒక్కటీ తెరమీద లేదు.

ఈ వాక్యాల్లో విశేషణం దాదాపు లేదని గమనించారా? ‘చల్లని’, ‘మనోహరమైన’ లాంటివి ఇంద్రియానుభవం కాదు, దాని పేరు రాసిన చీటీ మాత్రమే. చొక్కా తడవడం, మాట వినపడకపోవడం శరీరానికి జరిగే పనులు. వాటిని చూసినవాడు మాత్రమే రాయగలడు. రాయలేకపోతే షూటింగు రోజు నోటుబుక్కు తీయలేదన్నమాట. ఒక్కో చోట కెమెరా ఆపి ఐదు నిమిషాలు నిలబడి, చెయ్యి దేన్ని తాకింది, ముక్కుకి ఏం తగిలింది, ముందు ఏ చప్పుడు వినిపించింది రాసుకోవాలి. ఇంటికెళ్ళి ఫుటేజీ చూస్తూ రాస్తే ఫుటేజీలో ఉన్నదే రాస్తారు. తప్పు అక్కడే పుడుతోంది.

చప్పుడు విషయంలో ఇంకో పొరపాటు. డ్రోన్ షాట్‌కి సొంత శబ్దం పనికిరాదు, అందులో ఉండేది రెక్కల రొదే. అందుకని చాలామంది ధార పక్కనే రికార్డు చేసిన హోరుని దూరపు షాట్ కింద పెడతారు. చెవికి అబద్ధం తెలిసిపోతుంది. నీళ్ళ హోరులోని ‘స్’ లాంటి సన్నని శబ్దం దూరం వచ్చేసరికి సన్నగిల్లుతుంది, లోతైన మూలుగు మిగులుతుంది. కాబట్టి దూరంగా, వ్యూ పాయింట్ దగ్గర ఒక నిమిషం, ధార దగ్గర ఒక నిమిషం విడివిడిగా, ఎవరూ మాట్లాడకుండా రికార్డు చేయాలి. పైగా ఆ సన్నని హోరు మన స, శ, ష అక్షరాలను మింగేస్తుంది. గొంతు వచ్చినప్పుడు నీళ్ళను పది పన్నెండు డెసిబెల్స్ దించాలి, పూర్తిగా కోసేయకూడదు. కోసేస్తే ప్రతి వాక్యం ముందూ జలపాతం టక్కున ఆగిపోయినట్టు ఉంటుంది.

రాసింది సరిపోయిందో లేదో తేల్చడానికి సులువైన పరీక్ష ఉంది. డుడుమ ఎప్పుడూ చూడని మనిషికి వీడియో మ్యూట్‌లో చూపించి, ఏం చూశావో చెప్పమనండి. అతను చెప్పగలిగినదేదైనా మీ స్క్రిప్టులో ఉంటే కొట్టేయండి.

దీనికో అభ్యంతరం వినిపిస్తూ ఉంటుంది: వంట చేసుకుంటూ, బండి నడుపుతూ వీడియోని వినేవాళ్ళు చాలామంది, వాళ్ళకి కొండలూ నీళ్ళూ మాటల్లో చెప్పాలి కదా అని. చూపు లేనివాళ్ళ సంగతైతే నిజమే, వాళ్ళకి దృశ్యాన్ని వర్ణించే ఆడియో విడిగా ఇవ్వడం పద్ధతి. వంటింట్లో వినేవాళ్ళకి మాత్రం ‘పాలనురుగు’ అంటే ఏం తెలుస్తుంది? ఏ జలపాతం మీదైనా అతికే మాట అది. చొక్కా తడిసిందంటేనే వాళ్ళకీ ఏదో అందుతుంది.

విశేషణాలతో నింపే గొంతు స్థలం గురించి ఎవరినీ అడగని గొంతు. తెలుగు వీడియోల్లో ఒడిశా సరిహద్దు అంటే ‘మారుమూల’, కొండ మనుషులంటే ‘అమాయకులు’. ఒనకడిల్లి గురువారం సంతలో బోండా తెగ ఆడవాళ్ళ పూసల దండల్ని దగ్గరికి లాగి లాగి చూపిస్తారు. ఏం అమ్ముతున్నారో, కిలో ఎంతకో, తిరిగి ఎంత దూరం నడవాలో గొంతు చెప్పదు. మొహాలు చూపే ముందు వాళ్ళని అడిగారో లేదో కూడా తెలీదు. ఇక మారుమూల అంటారా, ఈ 120 మెగావాట్ల మాచ్‌ఖండ్ కేంద్రం రెండు రాష్ట్రాల ఉమ్మడి ఆస్తి, 1955 నుంచి కరెంటు ఇస్తోంది. ఉత్తరాంధ్ర ఇళ్ళలో దీపాలు వెలిగించిన నీళ్ళకి మన గొంతులు పెట్టిన పేరు ‘ప్రకృతి అద్భుతం’.

జోలాపుట్ జలాశయం మీద డ్రోన్ తిప్పినప్పుడు ఇది మరీ కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. ‘అద్దంలాంటి ప్రశాంతమైన నీరు’ అంటారు. ఆ నీటి కింద ఊళ్ళున్నాయి, పొలాలున్నాయి, వాటిని ఖాళీ చేసి వెళ్ళిపోయిన గిరిజన కుటుంబాలున్నాయి. తెర ఎప్పటికీ చూపించలేని విషయం ఇంతకంటే ఏముంటుంది? మునిగిన ఊళ్ళలో ఒక్కదాని పేరైనా ఆ షాట్ మీద వినిపించాలి. లమ్తాపుట్, నందపూర్ సంతల్లో పెద్దవాళ్ళని అడిగితే చెబుతారు. అక్కడి దేశియా భాష రాకపోయినా ఫర్వాలేదు, అంగళ్ళు పెట్టే వ్యాపారుల్లో తెలుగు వచ్చినవాళ్ళు దొరుకుతారు, మాట కలుపుతారు.