అప్రైజల్‌తో సరిపడని జీతాల తేడా: మధ్యలో అడగడం ఎప్పుడు న్యాయం?

రుషికొండ ఐటీ హిల్స్‌లో టెస్టింగ్ పనిచేసే ఒక ఇంజినీర్‌ను ఊహించుకుందాం. నాలుగేళ్ల క్రితం ఏడాదికి 4 లక్షల ఫిక్స్‌డ్ జీతంతో ఫ్రెషర్‌గా చేరింది. మూడు అప్రైజళ్లలో వరుసగా 8, 9, 10 శాతం పెరిగి, ఇప్పుడు జీతం 5.18 లక్షలయింది. గత నెల అదే టీములోకి, అదే హోదాలో, అంతే అనుభవమున్న వ్యక్తిని కంపెనీ 7.5 లక్షలకు తీసుకుంది. అతనికి పని నేర్పుతున్నది ఆమే.

ఇలాంటి చోట రేటింగు గురించి వాదించి లాభం లేదు. ఆమె రేటింగు బాగానే ఉంది. ఇంక్రిమెంటును పాత జీతం మీద శాతంగా లెక్కవేస్తారు. కొత్తవారికి ఆ రోజు మార్కెట్లో ఎంత నడుస్తుంటే అంత ఇస్తారు. ఏటా 10 శాతం పెంచుకుంటూ పోయినా ఆమె జీతం 7.5 లక్షలు దాటడానికి మరో నాలుగేళ్లు పడుతుంది. అప్పటికి కొత్తవారి జీతం అక్కడే ఆగి ఉండదు కదా! అప్రైజల్‌తో సంబంధం లేకుండా చేసే మార్కెట్ సవరణ ఉన్నది ఈ తేడా కోసమే. దాన్ని దయగా కాక, లెక్క సరిచేయడంగా చూడాలని నా అభిప్రాయం.

హెచ్‌ఆర్ దీన్ని ఎలా చూస్తుందో తెలిస్తే అడగడం తేలిక. చాలా కంపెనీల్లో ప్రతి హోదాకూ ఒక జీతం బ్యాండ్ ఉంటుంది. మన ఉదాహరణలో అది 6 నుంచి 9 లక్షలనుకుంటే, మధ్య అంకె 7.5. ఉద్యోగి జీతాన్ని దానితో భాగిస్తే వచ్చేదే కంపా రేషియో. ఆమెది 0.69. సాధారణంగా 0.8 నుంచి 1.2 మధ్య ఉంటే సరిగానే ఉందనుకుంటారు. ఆమె బ్యాండ్ అడుగు కంటే కింద ఉంది కాబట్టి కేసు బలమైనది. అదే 0.95 ఉన్నవారికి పక్క సీటులో ఎక్కువ జీతం కనబడినా ఏప్రిల్ అప్రైజల్ వరకు ఆగమనే అంటారు, ఆ మాటలో తప్పు లేదు.

మధురవాడలో అద్దె పెరిగిందనో, ఇంటి లోను ఈఎంఐ మొదలైందనో చెబితే మేనేజరుకు జాలి కలగవచ్చు గానీ, ఫైలు కదలదు. హైదరాబాద్ జీతంతో పోల్చినా అంతే. ఊరినిబట్టి బ్యాండ్ మార్చే కంపెనీలు విశాఖకు వేరే లెక్క వేస్తాయి. అందుకే విశాఖలోనే, అదే పనికి, అదే అనుభవానికి వచ్చిన ప్రకటనలు, రిక్రూటర్లు ఫోనులో చెప్పిన అంకెలు మూడు నాలుగు సేకరించుకోవాలి. వాటిలో జాయినింగ్ బోనస్‌ను, వేరియబుల్‌ను తీసేసి ఫిక్స్‌డ్‌ను ఫిక్స్‌డ్‌తోనే పోల్చాలి. ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే: ఎదుటివారి మొత్తం సీటీసీని తమ ఫిక్స్‌డ్ పక్కన పెట్టి చూస్తారు.

పక్కవారి జీతాన్ని పేరుతో ఎత్తవద్దు. జీతం వివరాలు గోప్యమని వారి ఆఫర్ లెటర్లో షరతు ఉంటే ఇబ్బంది వారికే. మేనేజరుతో విడిగా కూర్చున్నప్పుడు ఇలా అనవచ్చు: "సార్, ఇది అప్రైజల్ విషయం కాదండీ. నా హోదాకు ఇప్పుడు ఇక్కడ 7 నుంచి 7.5 లక్షలు ఇస్తున్నారు, నాది 5.18. మన బ్యాండులో నేనెక్కడ ఉన్నానో ఒకసారి హెచ్‌ఆర్‌ను అడిగి చూస్తారా? 7 లక్షలకు సవరించమని కోరుతున్నాను." అదే మాటను అర పేజీ మెయిల్‌గా పంపాలి. నిర్ణయం మేనేజరు చేతిలో ఉండదు. హెచ్‌ఆర్‌కూ ఫైనాన్స్‌కూ ఆయన పంపగలిగే కాగితాన్ని మనమే సిద్ధం చేసివ్వాలి.

5.18 నుంచి 7 అంటే 35 శాతం. ఒకేసారి అంత ఇవ్వలేమని, ఇప్పుడు 6కి, ఆరు నెలల తర్వాత 7కి పెంచుతామంటే ఒప్పుకోవచ్చు, రెండో విడత తేదీ లెటర్లో ఉంటేనే. చేతిలో లేని ఆఫర్‌ను ఉన్నట్టు చెప్పడం మాత్రం ప్రమాదం. లెటర్ చూపించమంటే మాట పోతుంది, నిజంగా వెళ్లిపొమ్మంటే వెళ్లడానికి చోటుండదు.

కంపెనీ సరేనన్నాక ఒక ప్రశ్న తప్పక అడగాలి: ఏప్రిల్ ఇంక్రిమెంటు విడిగా ఉంటుందా? మధ్యలో సవరణ పొందినవారికి ఆ ఏడాది ఇంక్రిమెంటు తగ్గించే పద్ధతో, అసలు ఇవ్వని పద్ధతో కొన్ని కంపెనీల్లో ఉంది. జనవరిలో ఇచ్చినదాన్నే ఏప్రిల్లో లెక్కలోంచి తీసేస్తే, దక్కింది మూడు నెలల ముందస్తు ఇంక్రిమెంటే. కాబట్టి లెటర్లో పెరిగిన ఫిక్స్‌డ్ మొత్తం, ఏ తేదీ నుంచి అమలు, ఏప్రిల్ అప్రైజల్‌కు అర్హత ఉందా లేదా అన్న మూడూ ఉన్నాయో లేదో చూసుకుని, అప్పుడు సంతకం పెట్టాలి.