విరాళం అడిగే ముందు శాలువా ఖరీదు చెప్పాలి

ఒడిశాలోని రాయగడ, గునుపూరు, పర్లాకిమిడి వైపు గ్రామీణ మహిళల చేతిపనులను అమ్మిపెట్టే సామాజిక సంస్థలు తెలుగువారికి పంపే విజ్ఞప్తి లేఖల్లో నా కంటబడినవి దాదాపు ఒకే అచ్చులో ఉన్నాయి. దసరా ముందో, మార్చి నెలాఖరులోనో అవి వాట్సాప్‌లో చేతులు మారుతూ విశాఖకూ, హైదరాబాదుకూ, అమెరికాకూ చేరతాయి. ఒక నవ్వు ముఖం ఫొటో, నియమగిరి కొండల గురించి రెండు వాక్యాలు, నలభై మంది మహిళలకు ఉపాధి అన్న మాట, చివర పదిహేను లక్షల లక్ష్యం, బ్యాంకు ఖాతా సంఖ్య. చదివినవారికి జాలి కలుగుతుంది గానీ ఒక ప్రశ్న మిగిలిపోతుంది. వస్తువు తయారుచేసి డబ్బుకే అమ్ముతున్న సంస్థకు విరాళం ఎందుకు కావాలి?

ఈ ప్రశ్నకు నిజాయితీ గల జవాబు ఉంది. అది లేఖలో మాత్రం కనబడదు. ఇలాంటి సంస్థకు రెండు వేర్వేరు రకాల డబ్బు కావాలి, లేఖ ఆ రెండింటినీ ఒకే మొత్తంగా కలిపేస్తుంది. ఒకటి తిరిగివచ్చే డబ్బు, అంటే సరుకు చేయించిన రోజుకూ కొనుగోలుదారు చెల్లించిన రోజుకూ మధ్య ఇరుక్కుపోయేది. రెండోది తిరిగిరాని డబ్బు, అంటే అమ్మకం ధర ఖర్చును అందుకోలేక ఏటా మిగిలిపోయే లోటు. మొదటిదానికి విరాళం ఇవ్వడం ఒక సంగతి, రెండోదానికి ఇవ్వడం పూర్తిగా మరో సంగతి.

రాయగడ జిల్లాలోని డోంగ్రియా కంధ మహిళలు కుట్టే కప్డాగండా శాలువానే తీసుకుందాం. ముతక తెల్లటి గుడ్డ మీద ఎరుపు, పసుపు, ఆకుపచ్చ దారాలతో త్రికోణాలూ గీతలూ సూదితో నింపుకుంటూ పోయే పని ఇది. ఒక ప్రాంతపు ప్రత్యేక వస్తువు పేరును కాపాడే భౌగోళిక సూచిక గుర్తింపు, అంటే జీఐ ట్యాగ్, దీనికి 2024 జనవరిలో వచ్చింది. ఆ తరువాత చాలా లేఖలు ఈ గుర్తింపును తమ సొంత అర్హతగా చెప్పుకుంటున్నాయి. నిజానికి 1999 నాటి చట్టం ప్రకారం ఆ పేరును వాడుకునే హక్కు కోసం ఉత్పత్తిదారులు అధీకృత వినియోగదారులుగా విడిగా నమోదు కావాలి. ఆ నమోదు ఉందో లేదో లేఖ చెప్పాలి. గుర్తింపు ఉన్నంత మాత్రాన ధర పెరగదన్నది వేరే సంగతి.

ఇప్పుడు ఒక ఊహా సంస్థ లెక్క వేద్దాం. గునుపూరులో చిన్న కార్యాలయం, కొండ ఊళ్లలో నలభై మంది మహిళలు. ఒక్కొక్కరు ఇంటిపని, పొలంపని చూసుకుంటూ రోజుకు నాలుగు గంటల చొప్పున నెలకు ఒక శాలువా పూర్తిచేస్తారనుకుందాం. శాలువాకు కూలి 6,000 రూపాయలు, గుడ్డకూ దారానికీ 700, ఉతికి ఇస్త్రీ చేసి ప్యాక్ చేసి పంపడానికి 300, మొత్తం 7,000. హైదరాబాదు దుకాణం టోకున 8,000కు కొని, సరుకు అందిన రెండు నెలలకు డబ్బు ఇస్తుంది. ఈ అంకెలన్నీ ఉదాహరణకే, వాటి మధ్య సంబంధమే మనకు ముఖ్యం.

నెలకు నలభై శాలువాల ఖర్చు 2,80,000. పూర్తయిన శాలువా చేతికి రాగానే కూలి చెల్లించాలి, ఎందుకంటే దుకాణం ఇచ్చేదాకా ఆగమని చెబితే ఆ మహిళ వచ్చే నెల సూది పట్టదు. తనిఖీకి, రవాణాకు అర నెల, దుకాణం గడువు రెండు నెలలు. అంటే రెండున్నర నెలల ఖర్చు, ఏడు లక్షలు, ఎప్పుడూ బయటే తిరుగుతూ ఉంటుంది. కుట్టు సాగుతున్న నెలలో ముందే కొని ఇచ్చిన గుడ్డకూ దారానికీ మరో 28,000 కలపాలి. 7,28,000 రూపాయలు చేతిలో లేకపోతే ఈ సంస్థ నడవదు. ఇది నష్టం కాదు. డబ్బు దారిలో ఉందంతే. డ్వాక్రా సంఘాల పుణ్యమా అని మనకు రివాల్వింగ్ ఫండ్ అన్న మాట బాగా తెలుసు, ఇది కూడా సరిగ్గా అదే.

బ్యాంకు అప్పు తెచ్చుకోవచ్చు కదా అని అడగవచ్చు, తెచ్చుకోగలిగిన సంస్థ తెచ్చుకోవాలి కూడా. అయితే సంఘాల అప్పుకు నెలనెలా వాయిదా కట్టాలి, దుకాణం మాత్రం సరుకు అందిన రెండు నెలలకు గానీ ఇవ్వదు. తనఖా పెట్టడానికి ఏమీ లేని చిన్న సంస్థ మొదటి రెండు మూడేళ్లు ఈ పొంతన కుదరకే చితికిపోతుంది. సంస్థ కంపెనీగా నమోదై ఉంటే, లాభం పంచని సెక్షన్ 8 కంపెనీ అయినా సరే, దాతల దగ్గర చేబదులుగా తీసుకోవడం కూడా కుదరదు, ఎందుకంటే బయటి వ్యక్తుల నుంచి తీసుకునే అప్పును కంపెనీల చట్టం డిపాజిట్‌గా చూస్తుంది. కాబట్టి ఆ సొమ్మును విరాళంగానే అడిగి, విడిగా ఒక నిధిలో ఉంచుతామని, కూలికీ ముడిసరుకుకూ తప్ప మరి దేనికీ వాడబోమని లేఖలోనే రాసివ్వాలి.

విరాళం అడిగే ముందు ఆ నిధిని తగ్గించుకునే దారి చూశారా అన్నది నేనైతే తప్పక అడుగుతాను. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న ఉత్పత్తిదారుల దగ్గర సరుకు కొన్నవారు, ఒప్పందంలో ఎంత గడువు రాసుకున్నా, 45 రోజులు దాటకుండా చెల్లించాలి. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీగా పడుతుంది. మన ఉదాహరణలో గడువు రెండు నెలల నుంచి నెలన్నరకు తగ్గితే చాలు, దారిలో ఇరుక్కున్న డబ్బు 1,40,000 తగ్గుతుంది. దానికి సూక్ష్మ, చిన్న సంస్థగా ప్రభుత్వం దగ్గర చేసుకునే ఉద్యమ్ నమోదు ఉండాలి, దుకాణంతో లిఖితపూర్వక ఆర్డరు ఉండాలి. అమ్ముడుపోతేనే డబ్బు అన్న పద్ధతిలో సరుకు దుకాణంలో పెట్టివస్తే ఈ రక్షణను చూపించి అడగడం కష్టం. పెద్ద దుకాణాలు ఆ పద్ధతినే ఎందుకు ఇష్టపడతాయో వేరే చెప్పనక్కరలేదు.

ఇక లోటు సంగతి. ఒక సమన్వయకర్త జీతం, అద్దె, కొండ ఊళ్లకు ప్రయాణాలు కలిపి నెలకు 34,000 అనుకుందాం. నలభైలో నాలుగు శాలువాలు కుట్టు వదులై, మరకపడి, కొలత తేడా వచ్చి తిరస్కరణకు గురైతే వాటిని సగం ధరకు స్థానికంగా అమ్ముకోవాలి. అప్పుడు నెల రాబడి 3,04,000, ఖర్చు 3,14,000. పదివేల లోటు. దీనికి వానాకాలం తోడవుతుంది. పోడు పొలంలో కలుపు తీసే రోజుల్లో సూదిపని సగానికి పడిపోతుంది, కార్యాలయం ఖర్చు మాత్రం తగ్గదు. ఆ నాలుగు నెలల్లో నెలకు ఇరవై శాలువాలే వచ్చి, తిరస్కరణ అదే వంతున ఉంటే, లోటు నెలకు 22,000 అవుతుంది. ఏడాదికి మొత్తం 1,68,000. పన్నెండు నెలలూ నలభై శాలువాలు వస్తాయని రాసిన లేఖను చూస్తే, రాసినవారు కొండ ఊళ్ల పంటల క్యాలెండరు చూడలేదని తెలిసిపోతుంది.

ఈ లోటును విరాళంతో పూడ్చాలని లేఖ అడుగుతుంది. ఇక్కడే దాత ఒకసారి ఆగి భాగహారం చేయాలి. ఏడాదికి పూర్తి ధరకు అమ్ముడయ్యేవి 360 శాలువాలు. 1,68,000ను వాటికి పంచితే శాలువాకు 467 రూపాయలు. అంటే టోకు ధర 8,000 బదులు దాదాపు 8,500 ఉండి, దుకాణం అన్నే కొంటే, ఈ సంస్థకు ఏటా విరాళమే అక్కరలేదు. ధర పెంచకుండా విరాళం తెచ్చుకుంటే, దాత ఇచ్చిన 467 కుట్టిన మహిళకు చేరవు. ఆమె కూలి ఆరువేలే. ఆ డబ్బు దుకాణానికి తగ్గింపు ధరగా వెళ్తుంది. మహిళా సాధికారత పేరుతో నగరంలోని బట్టల దుకాణానికి సబ్సిడీ ఇస్తున్నామన్న మాట ఏ లేఖలోనూ రాయరు, రాస్తే ఎవరూ ఇవ్వరు.

అయితే ధర ఎప్పుడైనా పెంచుకోవచ్చని కూడా కాదు. యంత్రం మీద అదే నమూనాతో తయారైన నకలు తక్కువకు దొరికేచోట ఐదువందలు ఎక్కువ చెప్పగానే ఆర్డరు జారిపోవచ్చు. అలాంటప్పుడు రెండేళ్ల లోటుకు మాత్రం విరాళం అడిగి, ఈలోగా తిరస్కరణను పదోవంతు నుంచి ఇరవయ్యోవంతుకు తెస్తామనో, నేరుగా కొనేవారికి కొంత భాగం అమ్ముతామనో చెప్పడం న్యాయమైన విజ్ఞప్తి. ఎప్పటికి ఆగుతుందో తెలియని లోటుకు అడగడం న్యాయం కాదు.

కూలి గురించి లేఖలు చెప్పే తీరు మరీ అన్యాయం. 'నెలకు ఆరువేల ఆదాయం' అని రాస్తారు, ఎన్ని గంటలకో రాయరు. మన లెక్కలో 120 గంటలు, అంటే గంటకు యాభై, ఎనిమిది గంటల రోజుకు నాలుగువందలు. ఈ అంకెను ఒడిశా ప్రభుత్వం ఆ ఏడాదికి ప్రకటించిన కనీస వేతనం పక్కన పెట్టి చూపే ధైర్యం సంస్థకు ఉండాలి. దానికంటే తక్కువైతే ముందు సరిచేయాల్సింది అదే, అప్పుడు శాలువా ఖరీదు ఇంకా పెరుగుతుంది, పైన వేసిన లెక్క మొత్తం మళ్లీ వేయాల్సి వస్తుంది.

ఇవన్నీ కలిపితే లేఖలోని అసలు పేరా ఇలా ఉండవచ్చు: 'మేము చేయించే ఒక్కో శాలువాకు మాకయ్యే ఖర్చు 7,000 రూపాయలు, అందులో కుట్టిన మహిళకు 120 గంటల పనికి 6,000 చేరతాయి. దుకాణాల నుంచి డబ్బు రావడానికి రెండున్నర నెలలు పడుతుంది కాబట్టి 7,28,000 రూపాయల నిధి కావాలి. ఇది ఒక్కసారే అడుగుతున్నాం. దీనికి తోడు ఈ రెండేళ్లు ఏటా 1,68,000 లోటు ఉంటుంది, మూడో ఏడాది నుంచి టోకు ధర 8,500 చేస్తున్నాం.' ఇందులో కన్నీళ్లు పెట్టించే మాట ఒక్కటీ లేదు. అడిగిన మొత్తం కూడా పదిహేను లక్షలు కాదు, రెండేళ్లకూ కలిపి 10,64,000.

పన్ను మినహాయింపు గురించి చివర ముద్రించే వాక్యాన్ని కూడా సరిచూసుకోవాలి. 80జి పేరుతో అందరికీ తెలిసిన ఈ మినహాయింపు పాత పన్ను విధానం ఎంచుకున్నవారికే వర్తిస్తుంది, ఇలాంటి సంస్థలకు సాధారణంగా ఇచ్చినదాంట్లో సగానికే వర్తిస్తుంది, రెండు వేలు దాటిన నగదు విరాళానికి అసలు వర్తించదు. విదేశాల్లోని తెలుగువారి విషయంలో ఇంకో మెలిక ఉంది. భారత పౌరసత్వం ఉంచుకున్న ప్రవాసి తన సొంత పొదుపు నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న అన్నగారు పంపితే, ఓసీఐ కార్డు ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. విదేశీ విరాళాల చట్టం కింద నమోదు గానీ ముందస్తు అనుమతి గానీ, దానితోపాటు ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలో ప్రత్యేక ఖాతా లేని సంస్థ దాన్ని తీసుకోకూడదు. అమెరికా బంధువుల గ్రూపులోకి లేఖను పంపేముందు ఇది చూసుకోని సంస్థలు ఆ తరువాత డబ్బు వెనక్కి పంపే తిప్పలు పడతాయి.

మొదటి లేఖకు డబ్బు ఇచ్చినవారు రెండో ఏడాది లేఖలో వెతకాల్సింది ఒకే అంకె: ఆ 7,28,000 నిధి ఇప్పుడెంత ఉంది. మన ఉదాహరణలో ఏడాదికి నాలుగువందల శాలువాల ఖర్చు 28 లక్షలు, అంటే నిధి ఇంచుమించు నాలుగుసార్లు తిరగాలి. రెండుసార్లే తిరిగితే సరుకు ఎక్కడో పేరుకుపోయిందని, లేదా దుకాణం బాకీ పడిందని అర్థం. తిరగడం నాలుగుసార్లు తిరిగి, నిధి అయిదు లక్షలకు దిగిపోతే, కార్యాలయం ఖర్చు అందులోంచి పోతోందన్నమాట. అలాంటి సంస్థ మళ్లీ నిధి కోసం అడిగితే, కొత్త ధరల పట్టిక పంపమని జవాబు రాయడం మేలు.