‘పైసలు వచ్చినంకనే టాక్స్’ అనే మెసేజ్: ఏది తప్పు, ఏది సగం నిజం

వరంగల్, హనుమకొండ ఫ్రీలాన్సర్ల వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న మెసేజ్ ఇది:

“ఫ్రీలాన్సర్లకు నెలనెలా జీతం ఉండదు, అందుకే అడ్వాన్స్ టాక్స్ వాయిదాలు మనకు లేవు. పైసలు ఎప్పుడొస్తే అప్పటినుంచే లెక్క. జనవరిలో వస్తే మార్చిలో కట్టినా వడ్డీ పడదు. మిగిలింది రిటర్న్ అప్పుడు కట్టుకోవచ్చు. భయమైతే 44ఏడీఏ పెట్టుకోండి, అయిపోతది.”

మొదటి మాట సంగతి చిన్నదే. జీతమా, ఫ్రీలాన్సా అని చట్టం చూడదు. టీడీఎస్ పోగా ఏడాదికి కట్టాల్సిన టాక్స్ 10,000 రూపాయలు గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే వాయిదాలు వర్తిస్తాయి. జూన్ 15 లోపు 15 శాతం, సెప్టెంబర్ 15 లోపు మొత్తం కలిపి 45, డిసెంబర్ 15 లోపు 75, మార్చి 15 లోపు 100 శాతం కట్టాలి.

ఎక్కువ మంది దెబ్బతినేది రెండో మాట దగ్గర. ఆదాయపు పన్ను చట్టంలోని 234సి సెక్షన్ కింద వడ్డీ లెక్క మీ పైసలు ఏ నెలలో వచ్చాయో అడగదు. రిటర్న్‌లో చూపిన ఏడాది మొత్తం టాక్స్‌లో టీడీఎస్ పోగా మిగిలినదాన్ని తీసుకుని, దాని మీదే పై శాతాలు వేస్తుంది.

హనుమకొండలో ఉండి అనువాదాలు చేసే ఒకరి 2025–26 లెక్క చూద్దాం. ఖర్చులు పోగా డిసెంబర్ దాకా ఆదాయం 9.5 లక్షలు. కొత్త విధానంలో 12 లక్షల దాకా రిబేటు ఉంది కదా, టాక్సే రాదనుకున్నారు. అక్టోబర్‌లో ఒప్పుకున్న పెద్ద పని డబ్బు 6.5 లక్షలు జనవరిలో పడింది. మొత్తం 16 లక్షలు అయింది. రిబేటు పోయింది, సెస్సుతో కలిపి టాక్స్ 1,24,800. ఇక్కడి క్లయింట్లు పట్టుకున్న టీడీఎస్ 24,800. కట్టాల్సింది సరిగ్గా లక్ష. మార్చి 12న లక్షా ఒకేసారి కట్టేశారు.

అయినా వడ్డీ పడుతుంది. జూన్ వాయిదాలో తక్కువపడ్డ 15,000 మీద నెలకు 1 శాతం చొప్పున మూడు నెలలకు 450. సెప్టెంబర్‌లో 45,000 మీద 1,350. డిసెంబర్‌లో 75,000 మీద 2,250. మొత్తం 4,050. మూడు నెలలు అన్నది గంపగుత్త లెక్క: సెప్టెంబర్ 15 దాటి ఒక్కరోజు ఆలస్యమైనా మూడు నెలల వడ్డీయే.

ఇందులో తప్పించుకోగలిగింది డిసెంబర్ భాగం. పని చేతిలో ఉందని అక్టోబర్‌లోనే తెలుసు కాబట్టి, డిసెంబర్ 15 లోపు 75,000 కట్టి ఉంటే వడ్డీ 1,800తో ఆగేది. అందుకే ప్రతి గడువు ముందు బ్యాంకులో పడ్డదే కాదు, మార్చి లోపు చేతికి రాబోయే బిల్లులూ కలిపి అంచనా వేయాలి. మొదటి రెండు వాయిదాలకు కొంత వెసులుబాటు ఉంది: జూన్‌కు 12 శాతం, సెప్టెంబర్‌కు 36 శాతం కట్టినా వడ్డీ లేదు. అంతకన్నా తగ్గితే మాత్రం లోటును 15, 45 శాతాల నుంచే లెక్కగడతారు. డిసెంబర్‌కు ఈ వెసులుబాటు లేదు.

మెసేజ్ రాసినవాళ్లు పొరబడింది బహుశా ఒక మినహాయింపు చూసి. షేర్లు, స్థలాలు అమ్మిన లాభానికి, డివిడెండుకు, వృత్తి ఆదాయం మొట్టమొదటిసారి వచ్చిన ఏడాదికి మునుపటి వాయిదాల వడ్డీ ఉండదు, ఆ టాక్స్‌ను మిగిలిన వాయిదాల్లో కట్టేస్తే. ఈ ఏడాదే ఫ్రీలాన్స్ మొదలుపెట్టినవారికి అది పనికొస్తుంది. నాలుగేళ్లుగా చేస్తున్నవారికి పనికిరాదు.

‘రిటర్న్ అప్పుడు’ అన్న సలహా ఇంకా ఖరీదైనది. మార్చి 31 లోపు కట్టింది కూడా అడ్వాన్స్ టాక్స్ కిందికే వస్తుంది. అప్పటికి 90 శాతం కట్టకపోతే ఏప్రిల్ నుంచి 234బి సెక్షన్ కింద నెలకు 1 శాతం వడ్డీ మొదలవుతుంది, నెలలో కొంత భాగమైనా నిండు నెలే. పై మనిషే ఏమీ కట్టకుండా జూలై 20న లక్ష కడితే: 4,050కి తోడు మార్చి వాయిదా తప్పినందుకు 1,000, ఏప్రిల్ నుంచి జూలై దాకా నాలుగు నెలలకు 4,000. మొత్తం 9,050.

44ఏడీఏ సంగతి సగం నిజం. దాని కింద వసూళ్లలో కనీసం 50 శాతం ఆదాయంగా చూపేవారికి జూన్, సెప్టెంబర్, డిసెంబర్ వాయిదాలు లేవు, మార్చి 15 లోపు మొత్తం కడితే చాలు. కానీ అది వైద్యం, న్యాయం, ఇంజినీరింగ్, అకౌంటెన్సీ, ఐటీ వంటి నిర్దేశిత వృత్తులకే. అనువాదం ఆ జాబితాలో లేదు. వసూళ్లకు కూడా 50 లక్షల పరిమితి ఉంది. నగదు 5 శాతం మించకపోతే 75 లక్షలు.

కట్టేటప్పుడు e-Pay Tax లో Advance Tax (100) ఎంచుకోండి. 2025–26 ఆదాయానికి అసెస్‌మెంట్ ఇయర్ 2026-27. అక్కడ 2025-26 అని నొక్కితే డబ్బు పాత ఏడాది ఖాతాలో పడుతుంది, రిటర్న్‌లో ఏమీ కట్టనట్టే చూపి వడ్డీ వేస్తుంది.