హోమ్ డెలివరీ అనే ధర్మకార్యం

పది రూపాయల కొత్తిమీర కట్టను, ఒక పాల ప్యాకెట్‌ను మూడో అంతస్తు గుమ్మం దాకా పైసా తీసుకోకుండా పంపే కిరాణా కొట్టు యజమానిని ఏ ప్రభుత్వమూ ఇంతవరకూ సన్మానించలేదు. ఇది దారుణం. ఆస్తులన్నీ రాసిచ్చిన దాతల విగ్రహాలు కూడళ్లలో ఉన్నాయి. ఆస్తి కరిగిపోతోందని తెలియకుండానే దానం చేస్తున్న మనిషి అంతకంటే గొప్పవాడు కాదా?

ఇలాంటి దాతలకు గుంటూరులో కొదవ లేదు. ఒక షావుకారుగారి కొట్టు తీసుకుందాం, పేరెందుకు. ఫ్రీ డెలివరీ వల్ల ఏం మిగులుతోందని ఎవరడిగినా ఆయన జవాబు ఒకటే: "కుర్రాడు ఎలాగూ ఉన్నాడు, బండీ ఉంది. ఊరికే కూర్చోబెడితే మాత్రం జీతం ఇవ్వొద్దా ఏంటండీ?" దీన్ని 'ఎలాగూ ఉన్నాడు' సిద్ధాంతం అనవచ్చు. ఆర్థిక శాస్త్రంలో దీనికి రావాల్సిన చోటు ఇంకా రాలేదు.

లెక్కలు వేయడం దాతలకు చిన్నతనం కాబట్టి ఆయన తరఫున మనమే వేద్దాం. కుర్రాడి జీతం నెలకు రూ.13,000, పనిరోజులు 26. అంటే రోజుకు 500. రోజుకు 20 డెలివరీలైతే ఒక్కోదానికి 25. రానూపోనూ రెండు కిలోమీటర్లకు పెట్రోలు ఐదు రూపాయలు. కవరు, ఫోను, బండి సర్వీసింగు, టైర్లు అన్నీ కలిపి ఇంకో నాలుగు. మొత్తం రూ.34. ఇక రాబడి. పాల ప్యాకెట్ మీద రూపాయో రూపాయిన్నరో, కొత్తిమీర మీద మూడు రూపాయలో మిగులుతుంది. ముప్ఫై నాలుగు పెట్టి నాలుగున్నర తెచ్చుకోవడం అందరివల్లా అయ్యే పని కాదు.

ఆయన సిద్ధాంతంలో కొంత నిజం లేకపోలేదు. మధ్యాహ్నం మూడింటికి కొట్లో ఈగలు తోలుతున్న కుర్రాడిని పంపితే అదనంగా అయ్యేది పెట్రోలు, కవరు ఖర్చే, తొమ్మిది రూపాయలు. అప్పుడు వంద రూపాయల ఆర్డరు కూడా గిట్టుబాటే. చిక్కల్లా ఏమిటంటే, ఆర్డర్లు మూడింటికి రావు. సాయంత్రం ఏడింటికి, కౌంటరు ముందు ఎనిమిది మంది నిలబడి ఉన్నప్పుడు వస్తాయి. పప్పు తూచాల్సిన కుర్రాడు ఆ వేళ అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్ రిజిస్టరులో సంతకం పెడుతుంటాడు. విసిగిపోయి పక్క కొట్టుకు వెళ్లిన ఇద్దరి బిల్లు ఏ పుస్తకంలోనూ పడదు. కనబడని నష్టాన్ని నష్టమనడం షావుకారుగారికి మర్యాదగా తోచదు.

ఒకసారి అల్లుడుగారు పండక్కి వచ్చి, పోరు పెట్టి బోర్డు రాయించారు: "రూ.300 పైన డెలివరీ ఉచితం, లోపు డెలివరీ లేదు". సరుకులన్నిటి మీద సగటున 12 శాతం మిగులుతుందనుకుంటే 34ను 0.12తో భాగించాలి. 283 వస్తుంది. మూడొందల ఆర్డరుకు లాభం 36, ఖర్చు 34. నికరంగా రెండు రూపాయలు మిగిలాయి. ఇంటిల్లిపాదీ సంబరపడ్డారు.

ఆ సంబరం బియ్యం బస్తా దాకానే నిలిచింది. 2022 జులైలో 25 కిలోల దాకా ఉన్న ప్యాకింగ్ బియ్యం మీద 5 శాతం జీఎస్టీ పడ్డాక మన దగ్గర బస్తాలు 26 కిలోలయ్యాయి. ఆ అదనపు కిలోను మెట్లెక్కించేదీ ఆ కుర్రాడే. బస్తా ధర 1,500, దాని మీద నాలుగు శాతం మిగిలితే 60 రూపాయలు. బస్తా ఎక్కాక బండి మీద ఇంకో సంచికి చోటుండదు. లిఫ్ట్ పనిచేయని రోజైతే రెండు డెలివరీల సమయం దానికే పోతుంది, అంటే 68 రూపాయలు. బోర్డు ప్రకారం 1,500 ఆర్డరు రాజుగారిలా లోపలికి నడిచి, ఎనిమిది రూపాయలు పట్టుకుపోయింది. అదే రోజు విడి పప్పులు, మసాలాలు, పొడులు కలిపి 250 రూపాయల ఆర్డరు చెప్పినావిడకు "కుదరదమ్మా" అన్నారు. వాటి మీద 18 శాతం, అంటే 45 రూపాయలు మిగిలేవి. బోర్డు చూసింది బిల్లు మొత్తాన్నే, అందులో మిగిలేదాన్ని కాదు. బస్తాలను ఆ లెక్కలోంచి తీసేసి, నాలుగైదు పోగయ్యాక పొద్దున్నే ట్రాలీ ఆటోలో ఒకే చుట్టులో పంపిస్తే సరిపోతుంది. కానీ ఇంత తేలికైన పని చేస్తే దానగుణానికి మచ్చ రాదూ?

రెండో బోర్డు వచ్చింది. 150 లోపు డెలివరీ లేదు, ఆపైన 20 రూపాయల చార్జీ, 300 నుంచి ఉచితం. కింది హద్దు బాగానే కుదిరింది. చార్జీ పోను మిగిలిన ఖర్చు 14, దాన్ని 0.12తో భాగిస్తే 117, కాబట్టి 150 దగ్గర నాలుగు రూపాయలు చేతికొస్తాయి. తప్పంతా పై హద్దులో ఉంది. ఆ కొట్లో మామూలు ఆర్డరు 250. (సగటు తీయకూడదు, సత్యనారాయణ వ్రతం సరుకుల బిల్లు ఒక్కటి పడితే సగటు ఎగిరిపోతుంది. నెల బిల్లులను చిన్నదాని నుంచి పెద్దదాకా పేర్చి నడిమిది చూడాలి.) ఇరవై మిగుల్చుకోవాలని జనం 50 రూపాయల బిస్కెట్లు కలిపారు. బిస్కెట్ల మీద వచ్చింది ఆరు, పోయింది ఇరవై. "చూశారా, అమ్మకాలు పెరిగాయి!" అన్నారు షావుకారుగారు. పెరిగిన మాట నిజమే.

వదులుకునే 20 తిరిగి రావాలంటే 20ని 0.12తో భాగించినంత, అంటే 167 రూపాయల సరుకు అదనంగా పోవాలి. మామూలు బిల్లుకు అది కలిపితే 417, బోర్డు మీదికి 420. చార్జీతో 250 ఆర్డరుకూ, చార్జీ లేని 420 ఆర్డరుకూ మిగిలేది అదే 16 రూపాయలు. అక్కడి నుంచి పైకి వెళ్తేనే ఉచితం గిట్టుతుంది. ఈ మాట చెబితే ఆయన, "420 ఏంటండీ, అపశకునం! జనం ఏమనుకుంటారు?" అన్నారు. 450 పెట్టుకోండి, ఇంకా మంచిది.

పెట్టలేదు. "ఇరవై అడిగితే కస్టమర్ మొహం మాడ్చుకుంటాడు" అన్నారు. నిజమే. ఆ కస్టమరే ఫోన్‌లో భోజనం ఆర్డరిచ్చినప్పుడు ప్లాట్‌ఫామ్ ఫీజు చెల్లిస్తాడు. 2023లో స్విగ్గీ, జొమాటో దాన్ని రెండు రూపాయలతో మొదలుపెట్టాయి, తర్వాత పెంచుకుంటూ పోయాయి. బిల్లులో వరుసగా అచ్చయి వచ్చేదాన్ని ఎవరూ మొహం మీద అడగరు కదా, మాడ్చుకోవడానికి ఎదురుగా మొహమూ ఉండదు.

చివరికి ఆయనే ఒక ఉపాయం కనిపెట్టారు. ఎమ్మార్పీ అచ్చయిన సరుకు మీద పైసా పెంచడానికి లేదు గనుక, విడిగా తూచే కందిపప్పు, మినప్పప్పు మీద కిలోకు ఐదు రూపాయలు పెంచారు. డెలివరీ ఇప్పటికీ ఉచితమే. సంచి పట్టుకుని ఎండలో నడిచొచ్చి కిలో పప్పు కొనుక్కునే రిటైర్డ్ మాస్టారు ఇప్పుడు అపార్ట్‌మెంట్ వాళ్ల డెలివరీ ఖర్చు కడుతున్నారు. ఆయనకు ఆ సంగతి తెలియదు. రసీదైనా అడగరు.